ఫ్యూయెల్ సెల్ నుంచి గరిష్ఠంగా ఎంత విద్యుత్ పని వస్తుంది? ΔG తో లెక్క వేసే పద్ధతి

హైడ్రోజన్ ఫ్యూయెల్ సెల్ దక్షత ఎంత అని వెతికితే ఒకచోట 83%, ఇంకోచోట 94.5%, మరోచోట 56%, ల్యాబ్ రికార్డులో 40% కనిపిస్తాయి. వీటిలో ఏది కరెక్టు అని చాలామంది అడుగుతున్నారు. నాలుగూ కరెక్టే కావచ్చు. భిన్నంలో పైన ఏ పనిని పెట్టారు, కింద ఏ వేడిని పెట్టారు, తయారైన నీరు ద్రవమా ఆవిరా అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది.

ఈ నాలుగు అంకెలూ ఎక్కడి నుంచి వస్తాయో ఒకే చర్యను పట్టుకుని చివరిదాకా లెక్క వేసి చూద్దాం. ఇంటర్ కెమిస్ట్రీ గుర్తుండి, చేతిలో కాలిక్యులేటర్ ఉంటే సరిపోతుంది.

## 1. లెక్క మొదలుపెట్టే ముందు

కాగితం మీద ముందుగా ఇవి రాసి పెట్టుకోండి. తప్పుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి, ఫార్ములాలో కాదు.

- తుల్యం చేసిన సమీకరణం, ప్రతి పదార్థం పక్కన దాని స్థితి: g, l, s
- ఉష్ణోగ్రత, పీడనం
- ఆ సమీకరణం ఒకసారి జరిగితే బయటి వైరులో వెళ్లే ఎలక్ట్రాన్ల సంఖ్య, n
- ప్రతి పదార్థానికి ΔH°f, S° విలువలు, అన్నీ ఒకే పట్టిక నుంచి
- ఫారడే స్థిరాంకం F = 96485 C/mol, వాయు స్థిరాంకం R = 8.314 J/(K·mol)

మన చర్య ఇది:

```
H2(g) + ½ O2(g) → H2O(l)      25 °C (298.15 K), 1 bar
ఆనోడ్:   H2 → 2H+ + 2e-
కాథోడ్:  ½ O2 + 2H+ + 2e- → H2O
n = 2
```

నీటి పక్కన ఉన్న `l` ని తేలిగ్గా తీసుకోవద్దు. అది `g` అయితే కింద వచ్చే అంకెలన్నీ మారతాయి. పరీక్షల్లో "హైడ్రోజన్ మండి నీరవుతుంది" అని మాత్రమే ఇస్తే 25 °C దగ్గర ద్రవమనే అనుకోవాలి.

## 2. ΔH ఉండగా ΔG ఎందుకు?

మొదట వచ్చే సందేహం ఇదే. హైడ్రోజన్ మండితే మోలుకు 285.83 కిలోజౌళ్ల వేడి వస్తుంది కదా, అదంతా కరెంటుగా ఎందుకు మారదు?

ఉష్ణోగ్రత, పీడనం మారకుండా ఉంచినప్పుడు వ్యవస్థ మీద జరిగే పనిని రెండుగా విడదీస్తాం. ఒకటి వ్యాకోచ పని, అంటే వాయువు ఉబ్బినప్పుడో కుంచించుకున్నప్పుడో వాతావరణంతో జరిగే తోపులాట: −p dV. రెండోది మిగిలినదంతా, దాన్ని dw' అందాం. మన సెల్‌లో dw' అంటే వైరులో జరిగే విద్యుత్ పని.

```
dU = dq − p dV + dw'
G = U + pV − TS
కాబట్టి (T, p స్థిరం):  dG = dq − T dS + dw'
```

p dV ఎలా ఎగిరిపోయిందో గమనించండి. G నిర్వచనంలోని pV దాన్ని రద్దు చేసింది. అందుకే ΔG చెప్పేది వ్యాకోచేతర పని గురించి మాత్రమే.

ఇప్పుడు రెండో నియమం చెప్పేది dq ≤ T dS. దాన్ని పైన పెడితే dw' ≥ dG వస్తుంది. చర్య అతి నెమ్మదిగా, ఉత్క్రమణీయంగా సాగితే రెండూ సమానం:

```
w'(గరిష్ఠం) = ΔG
```

కెమిస్ట్రీ సంప్రదాయంలో వ్యవస్థ పని చేస్తే w కి రుణ గుర్తు. ΔG = −237 అంటే బయటికి 237 కిలోజౌళ్ల పని రావచ్చని అర్థం. కొన్ని భౌతికశాస్త్ర పుస్తకాల్లో గుర్తు తిరగబడి ఉంటుంది. ఒకే లెక్కలో రెండు పుస్తకాలనూ కలపకుండా ఉంటే చాలు.

ఈ సమానత్వానికి షరతులు రెండు. మొదలూ చివరా ఉష్ణోగ్రత, పీడనం ఒకటే ఉండాలి. చర్య సమతాస్థితికి ఒక వెంట్రుకవాసి దూరంలో నడవాలి, అంటే కరెంటు దాదాపు సున్నా. రెండో షరతు నిజమైన సెల్‌లో ఎప్పుడూ నెరవేరదు. ఆ సంగతి 7వ మెట్టులో చూద్దాం.

## 3. ΔG కట్టడం

25 °C దగ్గర పట్టిక విలువలు:

```
            ΔH°f (kJ/mol)    S° (J/K·mol)
H2(g)            0              130.68
O2(g)            0              205.14
H2O(l)        −285.83            69.91
H2O(g)        −241.82           188.83
```

ముందు ఎంట్రోపీ:

```
ΔS° = 69.91 − 130.68 − ½(205.14) = −163.34 J/K
```

రుణం రావడం సహజమే. ఒకటిన్నర మోళ్ల వాయువు మాయమై కాస్త ద్రవం మిగిలింది. ఇక్కడ ధన విలువ వచ్చిందంటే ఎక్కడో గుర్తు తప్పినట్టే.

తర్వాత:

```
TΔS° = 298.15 × (−0.16334) = −48.70 kJ
ΔG°  = −285.83 − (−48.70) = −237.13 kJ/mol
```

ఎంట్రోపీ పట్టికలో J, ఎంథాల్పీ పట్టికలో kJ అన్నది మర్చిపోతే ΔG దాదాపు +48,400 వస్తుంది. అంత పెద్ద అంకె కనబడగానే యూనిట్లు కలిసిపోయాయని తెలిసిపోవాలి.

ఇక 48.70 కిలోజౌళ్ల అర్థం. చర్యలో వ్యవస్థ ఎంట్రోపీ 163.34 J/K తగ్గింది. మొత్తం విశ్వం ఎంట్రోపీ తగ్గకూడదు కాబట్టి పరిసరాల ఎంట్రోపీ కనీసం అంతే పెరగాలి. 298.15 K దగ్గర పరిసరాలకు అంత ఎంట్రోపీ చేరాలంటే 48.70 కిలోజౌళ్ల వేడి వాటికి వెళ్లి తీరాలి. సెల్ ఎంత బాగా తయారు చేసినా ఈ వేడిని తప్పించలేం. దీన్ని "నష్టం" అని రాసేవాళ్లున్నారు. నాకు ఆ మాట నచ్చదు, ఎందుకంటే నిజమైన నష్టాలు వేరే ఉన్నాయి, వాటిని తగ్గించవచ్చు. దీన్ని తగ్గించలేం.

## 4. పనిని వోల్టేజీగా మార్చడం

మోలు హైడ్రోజన్‌కు n మోళ్ల ఎలక్ట్రాన్లు, అంటే nF కూలుంబుల ఆవేశం వైరులో వెళ్తుంది. పని = ఆవేశం × వోల్టేజీ. కాబట్టి:

```
E° = −ΔG° / nF = 237130 / (2 × 96485) = 1.229 V
```

ఇక్కడ ఒక సరిచూపు వేయండి. సమీకరణాన్ని 2H2 + O2 → 2H2O అని రాస్తే ΔG = −474.26 kJ, n = 4. E మళ్లీ 1.229 V రావాలి. 2.46 V వస్తే ΔG ని రెట్టింపు చేసి n ని మార్చడం మర్చిపోయారు. పని సమీకరణం పరిమాణంతో పెరుగుతుంది, వోల్టేజీ పెరగదు.

ఇలాగే ΔH ని కూడా nF తో భాగించండి:

```
285830 / 192970 = 1.481 V    (నీరు ద్రవం)
241820 / 192970 = 1.253 V    (నీరు ఆవిరి)
```

వీటిని థర్మోన్యూట్రల్ వోల్టేజీలంటారు. ఇంధనంలోని వేడంతా కరెంటైతే వచ్చి ఉండే వోల్టేజీ అన్నమాట. మీటరులో ఇవి కనబడవు. కానీ దక్షత లెక్కకు వీటికంటే పనికొచ్చే అంకె లేదు, నోట్‌బుక్ అట్ట మీద రాసిపెట్టుకోవచ్చు.

## 5. వాతావరణం చేసే పని లెక్కలో ఎక్కడుంది?

ఈ మెట్టు చాలామంది దాటేస్తారు. "వ్యాకోచేతర" అన్న మాట నిజంగా అర్థమయ్యేది ఇక్కడే కాబట్టి కాసేపు ఆగుదాం.

25 °C, 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గర ఒక మోలు వాయువు 24.465 లీటర్లు. ఒకటిన్నర మోళ్లంటే 36.7 లీటర్లు. చర్య ముగిశాక మిగిలేది 18 మిల్లీలీటర్ల నీరు. అంటే దాదాపు 36.7 లీటర్ల చోటు ఖాళీ అయింది, వాతావరణం ఆ చోటులోకి నొక్కుకుంటూ వచ్చింది. అలా వస్తూ వ్యవస్థ మీద పని చేసింది:

```
1.5 × 8.314 × 298.15 = 3718 J = 3.72 kJ
```

ఇప్పుడు హెల్మ్‌హోల్ట్జ్ శక్తి మార్పు చూడండి. అది వ్యాకోచంతో సహా మొత్తం పనికి హద్దు:

```
ΔA = ΔG − Δn(వాయువు) RT = −237.13 + 3.72 = −233.41 kJ
```

మొత్తం గరిష్ఠ పని 233.41 మాత్రమే, అందులో ఒక భాగమైన విద్యుత్ పని 237.13! భాగం మొత్తం కంటే ఎక్కువ ఎలా అవుతుందని విద్యార్థులు పట్టుకుంటారు, మంచి ప్రశ్నే. జవాబు గుర్తులో ఉంది. వ్యాకోచ పని ఇక్కడ బయటికి పోలేదు, లోపలికి వచ్చింది. వాతావరణం ఇచ్చిన 3.72 కూడా వైరులోకి చేరింది. అది తీసేస్తే వ్యవస్థ తనంతట తాను చేసిన నికర పని 233.41.

వాయువు పుట్టే చర్య అయితే ఇది తిరగబడుతుంది. వాతావరణాన్ని తోయడానికి కొంత పని ఖర్చవుతుంది, మనకు వైరులో దొరికేది ఆ మేరకు తగ్గుతుంది. ఆ తోపులాటను మనం వాడుకోలేం కాబట్టే ఫ్యూయెల్ సెల్ లెక్కకు A కాకుండా G తీసుకుంటాం.

## 6. సైద్ధాంతిక దక్షత, ఉష్ణోగ్రత, పీడనం

ఉష్ణగతిక దక్షత నిర్వచనం:

```
ε = ΔG / ΔH
ద్రవ నీరు:   237.13 / 285.83 = 0.830
నీటి ఆవిరి:  228.57 / 241.82 = 0.945
```

మొదట్లో చెప్పిన 83%, 94.5% ఇవే. ఆవిరి వచ్చే సెల్ మెరుగైనదని దీని అర్థం కాదు. పైనున్న పని 237 నుంచి 229 కి తగ్గింది. కింద పెట్టిన వేడి అంతకంటే ఎక్కువ తగ్గింది, నీరు ఆవిరిగా మారడానికి తీసుకున్న 44 కిలోజౌళ్లను లెక్కలోంచి తీసేశాం కాబట్టి. కింది అంకె 285.83 అయితే దాన్ని ఉన్నత ఉష్ణ విలువ అనీ, 241.82 అయితే నిమ్న ఉష్ణ విలువ అనీ అంటారు. ఆటోమొబైల్ రంగంలో రెండోదే ఎక్కువగా వాడతారు. ఏది వాడినా సరే, వాడినదేదో పక్కనే రాయాలి.

ఇప్పుడు ఉష్ణోగ్రత. కారులో వాడే పాలిమర్ పొర సెల్ దాదాపు 80 °C దగ్గర నడుస్తుంది. ΔH, ΔS పెద్దగా మారవని అనుకుంటే:

```
ΔG(353.15 K) ≈ −285.83 + 353.15 × 0.16334 = −228.15 kJ
E ≈ 228150 / 192970 = 1.182 V
```

ఉష్ణోగ్రత పెరిగితే గరిష్ఠ పని తగ్గుతోంది. హీట్ ఇంజన్‌కు అలవాటుపడ్డ బుర్రకు ఇది వింతగా ఉంటుంది. అయినా సెల్‌ని వేడిగానే నడుపుతారు, ఎందుకంటే వేడిలో ఎలక్ట్రోడ్ చర్యలు చురుగ్గా సాగి నిజమైన నష్టాలు తగ్గుతాయి. హద్దు కాస్త దిగినా, చేతికొచ్చేది పెరుగుతుంది.

పైన చేసిన "పెద్దగా మారవు" అన్న సరళీకరణ 80 °C దాకా బాగానే ఉంటుంది. 800 °C ఘన ఆక్సైడ్ సెల్‌కు అదే పద్ధతి వాడితే ఆవిరి విలువలతో 1.01 V వస్తుంది. అసలు విలువ 0.98 V దగ్గర. అంత దూరం వెళ్లినప్పుడు ఆ ఉష్ణోగ్రత పట్టిక చూడాలి, లేదా ఉష్ణధారణతో ΔH, ΔS లను దిద్దాలి.

పీడనం సంగతి. స్వచ్ఛమైన ఆక్సిజన్ బదులు మామూలు గాలి వాడితే ఆక్సిజన్ పాక్షిక పీడనం 0.21. నెర్న్‌స్ట్ సమీకరణం:

```
E = E° + (RT/2F) ln( p(H2) × p(O2)^½ )
80 °C లో RT/2F = 0.0152 V
0.0152 × ½ ln(0.21) = −0.012 V
```

పన్నెండు మిల్లీవోల్టులు మాత్రమే. గాలి వాడటం వల్ల సెల్ బాగా దెబ్బతింటుందని అనడం విన్నాను. దెబ్బ ఉన్న మాట నిజమే, కానీ అది ఎక్కువగా ఆక్సిజన్ ఎలక్ట్రోడ్‌కు అందే వేగంలో ఉంటుంది, ΔG లో కాదు.

## 7. నిజమైన సెల్ మీద లెక్క

ఇక్కడి నుంచి కొలతలు. ఒక చిన్న పాలిమర్ పొర సెల్ బల్ల మీద ఉందనుకోండి, నడుస్తున్నప్పటి రీడింగులు ఇవి:

- సెల్ వోల్టేజీ 0.70 V, కరెంటు 10 A
- హైడ్రోజన్ ప్రవాహం నిమిషానికి 90 mL (25 °C, 1 atm)
- ఫ్యాన్ తీసుకునే పవర్ 0.5 W

లోడు కలపకముందే మీటరు 1.229 V చూపించదు, 0.95 నుంచి 1.0 V మధ్య ఉంటుంది. మీటరు చెడిపోలేదు. కాస్త హైడ్రోజన్ పొర గుండా అటువైపు జారిపోతుంది, కాథోడ్ మీద ఆక్సిజన్ చర్య కూడా మందకొడిగా ఉంటుంది. 0.9 కంటే బాగా తక్కువ చూపిస్తే మాత్రం పొరకు చిల్లు ఉందేమో, గాస్కెట్ దగ్గర లీకు ఉందేమో చూడాలి.

మెట్టు ఎ. వోల్టేజీ దక్షత.

```
0.70 / 1.481 = 47.3%    (ఉన్నత ఉష్ణ విలువ)
0.70 / 1.253 = 55.9%    (నిమ్న ఉష్ణ విలువ)
0.70 / 1.229 = 57.0%    (ΔG తో పోలిస్తే)
```

మూడోది వేరే ప్రశ్నకు జవాబు. మొదటి రెండూ ఇంధనంలోని వేడిలో ఎంత కరెంటయిందో చెప్తాయి. మూడోది రెండో నియమం అనుమతించినదాంట్లో ఎంత అందుకున్నామో చెప్తుంది. సెల్ తయారీ ఎలా ఉందో తేల్చడానికి మూడోదే న్యాయమైన కొలత. ఇంధనం బిల్లు చూసుకోవడానికి మొదటిది.

మెట్టు బి. ఇంధనం వాడకం. 10 A కరెంటుకు కావలసిన హైడ్రోజన్:

```
10 / (2 × 96485) = 5.18 × 10⁻⁵ mol/s
× 60 × 24465 mL = నిమిషానికి 76.1 mL
వాడకం = 76.1 / 90 = 84.5%
```

మిగిలిన 14 mL వాడకుండా బయటికి పోయింది. ఆ పైపును గది బయటికి పెట్టడం, దగ్గర్లో మంట లేకుండా చూసుకోవడం తప్పనిసరి.

మెట్టు సి. మొత్తం దక్షత.

```
0.473 × 0.845 = 40%
సరిచూపు: సెల్ ఇచ్చేది 0.70 × 10 = 7.0 W
ఇంధనం తెచ్చేది 6.13 × 10⁻⁵ mol/s × 285830 = 17.5 W
7.0 / 17.5 = 40%
```

ఫ్యాన్ తీసుకున్న 0.5 W తీసేస్తే 6.5 / 17.5 = 37%. ల్యాబ్ రికార్డులోని 40 ఉన్నత ఉష్ణ విలువతో, ఇంధన వాడకం కూడా కలిపి వేసిన అంకె. బ్రోషర్లోని 56 నిమ్న ఉష్ణ విలువతో వేసిన వోల్టేజీ దక్షత మాత్రమే. రెండూ ఇదే సెల్‌వి కావచ్చు.

మెట్టు డి. వేడి. ద్రవ నీరు వస్తోందనుకుంటే సెల్ వదిలే వేడి:

```
10 × (1.481 − 0.70) = 7.8 W
```

కరెంటు 7.0 W, వేడి 7.8 W. సెల్ ఇచ్చే కరెంటు కంటే చల్లబరచాల్సిన వేడే ఎక్కువ. ఉత్క్రమణీయంగా నడిస్తే తప్పనిసరి వేడి 10 × (1.481 − 1.229) = 2.5 W మాత్రమే. మిగతా 5.3 W నిజమైన నష్టాల వల్ల వచ్చింది.

ఆ నష్టం ఎక్కడుందో తెలియాలంటే కరెంటును కొద్దికొద్దిగా పెంచుతూ వోల్టేజీ గ్రాఫు గీయండి. మొదటి కాస్త కరెంటుకే వోల్టేజీ జర్రున పడిపోతే అది ఉత్ప్రేరకం వైపు నష్టం, ఎక్కువగా ఆక్సిజన్ ఎలక్ట్రోడ్‌ది. మధ్యలో సరళరేఖలా దిగితే అది నిరోధం: పొర ఎండిపోయి ఉండొచ్చు, కాంటాక్టులు వదులుగా ఉండొచ్చు. చివర్లో ఒక్కసారిగా కుప్పకూలితే వాయువు అందడం లేదు, లేదా కాథోడ్‌లో నీరు నిలిచి దారులు మూసుకుపోయాయి.

## 8. తరచూ వచ్చే తప్పులు, వాటిని పట్టుకునే దారి

ఫ్లో మీటరు లీటరు ఏ ఉష్ణోగ్రతది? నాకు తెలిసి అన్నిటికంటే మోసం చేసే తప్పు ఇదే. చాలా మీటర్ల మీద `sccm` అని ఉంటుంది, అది తరచూ 0 °C కి లెక్కించిన మిల్లీలీటరు. అప్పుడు మోలుకు 22,414 mL, 24,465 కాదు. పై ఉదాహరణలో 90 అన్నది 0 °C అంకె అయితే ఇంధన వాడకం 84.5% నుంచి 77.4% కి, మొత్తం దక్షత 40% నుంచి 36.6% కి పడిపోతుంది. ఎనిమిది శాతానికి పైగా తేడా ఒక్క లేబుల్ దగ్గరే ఉంది. కొన్ని మీటర్లు 20 లేదా 25 °C వాడతాయి, కాబట్టి మాన్యువల్ తెరిచి చూడాల్సిందే. వాడకం 100% దాటితే మొదట అనుమానించాల్సింది దీన్నే.

వోల్టేజీ ఎక్కడ కొలిచారు? లోడు వైర్ల చివర్లో మీటరు పెడితే వైరులో పడిపోయే వోల్టేజీ కూడా సెల్ ఖాతాలో పడుతుంది. 10 A దగ్గర 0.01 ఓం నిరోధం ఉన్న వైరు 0.1 V మింగేస్తుంది, అంటే మన 0.70 లో ఏడో వంతు. మీటరు వైర్లను విడిగా, నేరుగా సెల్ పలకలకే తగిలించండి.

పైన ఆవిరి, కింద ద్రవం. ΔG కి 228.57, ΔH కి 285.83 తీసుకుంటే 80% వస్తుంది. చూడటానికి సబబుగానే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. భిన్నంలో రెండు విలువలకూ నీటి స్థితి ఒకటేనా అని చూడటం ఒక్కటే మార్గం.

"ఫ్యూయెల్ సెల్ కార్నో హద్దును దాటేస్తుంది" అనడం. కార్నో హద్దు రెండు ఉష్ణాశయాల మధ్య నడిచే ఇంజన్‌కు. సెల్ వేడి తీసుకుని పని చేయడం లేదు, నేరుగా ΔG ని వైరులోకి పంపుతోంది. కాబట్టి ఆ హద్దు దీనికి వర్తించదు, దాటడమన్న మాటే రాదు. రెండో నియమం మాత్రం రెండింటికీ ఒకటే.

సమాధానం రాసి ఇచ్చే ముందు ఈ నాలుగూ టిక్ పెట్టుకోండి:

- నీటి స్థితి రాశానా? పైనా కిందా ఒకటేనా?
- ఉన్నత ఉష్ణ విలువా, నిమ్న ఉష్ణ విలువా అన్నది చెప్పానా?
- ఇంధన వాడకం కలిపానా, వోల్టేజీ దక్షత మాత్రమేనా?
- ఫ్యాన్, పంపుల ఖర్చు తీశానా?

## 9. దక్షత 100% దాటితే?

ఇదే పద్ధతి వేరే ఇంధనాలకు వాడితే కొన్ని వింత అంకెలు వస్తాయి. మీథేన్ బాగానే ఉంటుంది: ΔG = −817.9, ΔH = −890.4, n = 8. దక్షత 92%, వోల్టేజీ 1.06 V. కార్బన్ పూర్తిగా మండి కార్బన్ డయాక్సైడ్ అయ్యే చర్యకు ΔG = −394.36, ΔH = −393.51. నిష్పత్తి 100.2%. ద్రవ ఫార్మిక్ ఆమ్లానికైతే ΔG = −270.1, ΔH = −254.6, ఏకంగా 106%.

లెక్క తప్పలేదు. ఈ చర్యల్లో ΔS ధనం. కార్బన్ చర్యలో ఒక మోలు వాయువు పోయి ఒక మోలు వాయువే వచ్చింది, ఘనపదార్థం మాత్రం మాయమైంది. ఫార్మిక్ ఆమ్లం చర్యలో సగం మోలు వాయువు పోయి ఒక మోలు వచ్చింది. వ్యవస్థ ఎంట్రోపీ పెరిగింది కాబట్టి అది పరిసరాల నుంచి TΔS మేరకు వేడి లాక్కుని దాన్నీ కరెంటుగా పంపగలదు. శక్తి ఎక్కడా ఊరికే పుట్టలేదు, కొంత గదిలోని గాలి నుంచి వచ్చింది. మన భిన్నం కింద ఇంధనం వేడిని మాత్రమే రాశాం, గాలి ఇచ్చినదాన్ని రాయలేదు, అందుకే 100 దాటింది.

ఫార్మిక్ ఆమ్లం సెల్‌కు గరిష్ఠ వోల్టేజీ 1.40 V, థర్మోన్యూట్రల్ వోల్టేజీ 1.32 V. ఈ రెండింటి మధ్య నడపగలిగితే సెల్ వేడెక్కే బదులు చల్లబడాలి. నిజమైన సెల్ లోడు మీద 1.32 V కంటే చాలా కింద నడుస్తుంది కాబట్టి, చేత్తో తాకితే అది కూడా వెచ్చగానే ఉంటుంది.